జాబితాకు ఒక తల, ఒక తోక: ఒప్పందంలో బాధ్యత ఎక్కడ జారిపోతుంది?

గిడ్డంగి రసీదు మొదలు సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు దాకా ఏ ఒప్పందం తిరగేసినా చివరి పేజీల్లో రెండు రకాల క్లాజులు కనిపిస్తాయి. నష్టం వస్తే ఎవరు ఎవరికి భర్తీ చేయాలో చెప్పేది మొదటిది. దాన్ని ఇండెమ్నిటీ క్లాజు అంటారు. ఏ నష్టానికి ఎవరు బాధ్యులు కారో, బాధ్యత ఉన్నా అది ఎంతవరకో చెప్పేది రెండోది. మొదటి క్లాజు ఇచ్చిన దానిలోంచి రెండోది కొంత తీసేస్తుంది. ఇచ్చేదీ తీసేదీ రెండూ దాదాపు ఎప్పుడూ జాబితాల రూపంలోనే ఉంటాయి.

సంతకం పెట్టేవాళ్లు సాధారణంగా డబ్బు ఎంత, గడువు ఎంత అన్నవే చూస్తారు. జాబితాలో ఏమేమి ఉన్నాయో కొందరు చూస్తారు. జాబితాలోని అంశాలన్నీ ఒకే తీరుగా రాశారా, ప్రతి అంశమూ పై వాక్యంతో అతుకుతుందా అని చూసేవాళ్లు బహు తక్కువ. తగాదా వచ్చి కాగితం కోర్టుకు చేరినప్పుడు మాత్రం లాయర్లు గంటల తరబడి వాదించేది సరిగ్గా ఈ కూర్పు మీదే.

మన దేశంలో ఈ క్లాజులకు ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. ఒకరి వల్ల కలిగే నష్టం నుంచి మరొకరిని కాపాడతానని మాట ఇవ్వడమే ఇండెమ్నిటీ ఒప్పందమని 124వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందం తప్పినప్పుడు మామూలుగా ఎంత పరిహారం రావాలో 73వ సెక్షన్ చెబుతుంది. దూరపు నష్టాలు, పరోక్ష నష్టాలు ఆ సెక్షన్ కింద రావు. అంతకు మించి ఏం రావాలో, ఏం రాకూడదో ఇరుపక్షాలూ తమ మాటల్లో రాసుకోవాలి. ఆ రాత ఒక వరసలో లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు వివరంగా చూపిస్తుంది.

ఒక్క వాక్యం, రెండు కుప్పలు, మూడు షరతులు

ష్యూర్‌టర్మ్ డైరెక్ట్ అనే మోటారు బీమా బ్రోకరు కంపెనీని క్యాపిటా సంస్థ 2010 ఏప్రిల్‌లో కొనుక్కుంది. కొన్న కొద్ది నెలల్లోనే ఒక సంగతి బయటపడింది. కంపెనీ సిబ్బంది ఫోన్లో బీమా అమ్మేటప్పుడు చాలామంది ఖాతాదారులను తప్పుదోవ పట్టించి ఎక్కువ సొమ్ము వసూలు చేశారు. ఇది కంపెనీ చేతులు మారక ముందు జరిగిన పని. కొత్త యాజమాన్యం ఈ విషయాన్ని తానుగా ఆర్థిక సేవల నియంత్రణ సంస్థకు తెలియజేసింది. మోసపోయిన ఖాతాదారులకు పరిహారం చెల్లించే పథకానికి ఒప్పుకోవలసి వచ్చింది. పరిహారం, ఖర్చులు అన్నీ కలిపి 24 లక్షల పౌండ్లకు పైగా అయ్యాయని, ఆ సొమ్ము అమ్మినవాళ్లే ఇవ్వాలని క్యాపిటా దావా వేసింది. కొనుగోలు ఒప్పందంలో ఇండెమ్నిటీ క్లాజు ఉంది కనుక దావా సూటిగా గెలిచేదిగానే కనిపిస్తుంది.

ఆ క్లాజంతా ఒకే ఒక పొడవాటి వాక్యం. అందులో మొదట ఒక కుప్ప ఉంది: వ్యాజ్యాలు, నష్టాలు, క్లెయిములు, ఖర్చులు, చెల్లించాల్సిన బాధ్యతలు, ఇలా కొనుగోలుదారు పక్షం ‘అనుభవించిన లేదా భరించిన’ అన్నీ. ఆ తర్వాత ఒక ‘మరియు’. దాని తర్వాత రెండో కుప్ప: కంపెనీపై ‘విధించిన లేదా కంపెనీ చేయాల్సి వచ్చిన’ జరిమానాలు, పరిహారాలు, దిద్దుబాటు చర్యలు, చెల్లింపులు. ఇంగ్లీషు వాక్యం కనుక షరతులన్నీ చివరికి వచ్చాయి. అవి మూడు. నియంత్రణ సంస్థ లాంటి అధికార సంస్థ దగ్గర నమోదైన క్లెయిములు లేదా ఫిర్యాదుల నుంచి ఇవి తలెత్తి ఉండాలి. కంపెనీ చేతులు మారిన తేదీకి ముందు కాలానికి చెందినవై ఉండాలి. బీమాను తప్పుడు పద్ధతిలో అమ్మడానికి సంబంధించినవై ఉండాలి.

చిక్కంతా మొదటి షరతు దగ్గర వచ్చింది. ఖాతాదారులు ఫిర్యాదు చేసినందువల్ల ఈ వ్యవహారం మొదలు కాలేదు. కంపెనీయే తన తప్పును తాను చెప్పుకుంది. కాబట్టి ‘ఫిర్యాదుల నుంచి తలెత్తిన’ అనే షరతు రెండో కుప్పకు మాత్రమే వర్తిస్తే, మొదటి కుప్పలోని ‘నష్టాలు’ అనే మాట పట్టుకుని క్యాపిటా సొమ్ము రాబట్టుకోవచ్చు. షరతు రెండు కుప్పలకూ వర్తిస్తే ఒక్క పౌను కూడా రాదు. మొదట విచారించిన న్యాయమూర్తి క్యాపిటా వైపు తీర్పు చెప్పారు. అప్పీలు కోర్టు 2015లో దాన్ని తిరగేసింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు తీర్పునే ఖాయం చేసింది. షరతులు మొత్తం జాబితాకు వర్తిస్తాయని, ఫిర్యాదులు లేవు కనుక ఈ క్లాజు కింద డబ్బు రాదని తేల్చింది.

తీర్పు రాసిన లార్డ్ హాడ్జ్ చేసిన మొదటి పని ఏమిటో గమనించాలి. ఆ పొడవాటి వాక్యాన్ని ముక్కలు చేసి, కుప్పలకు అంకెలు, షరతులకు అక్షరాలు వేసి, విడివిడి వరసల్లో మళ్లీ రాసుకున్నారు. అది ఒప్పందం రాసిన రోజే రాసినవాళ్లు చేసి ఉండాల్సిన పని. రాసిన బల్ల దగ్గర పది నిమిషాల్లో తేలే ప్రశ్న మూడు కోర్టుల్లో, ఏళ్ల తరబడి నలిగింది.

తోక ఎవరిది?

ఒప్పందంలో జాబితాకు పైన ఉండే వాక్యాన్ని తల అనుకుందాం. అంశాల చివర వేలాడే షరతును తోక అనుకుందాం. తల అన్ని అంశాలకూ చెందుతుందని ఎవరైనా ఒప్పుకుంటారు. తోక చివరి అంశానిదా, అన్నిటిదా అన్నదే తెగని ప్రశ్న. దీనికి మందు ఒకటే. షరతు అన్నిటికీ వర్తించాలంటే దాన్ని తోకలోంచి తీసి తలలో పెట్టాలి. ఒక్కదానికే వర్తించాలంటే ఆ ఒక్క అంశం లోపలే, దాని సంఖ్య కిందే పెట్టాలి. రెంటికీ మధ్య వేలాడనివ్వకూడదు.

క్యాపిటా క్లాజును ఇలా దిద్ది చూస్తే తేడా కళ్లకు కడుతుంది. షరతులు అన్నిటివీ అయితే తల ఇలా ఉండాలి: ‘అధికార సంస్థ దగ్గర నమోదైన ఫిర్యాదుల నుంచి తలెత్తి, అమ్మకం తేదీకి ముందు కాలానికి చెంది, తప్పుడు అమ్మకాలకు సంబంధించిన కింది మొత్తాలను అమ్మకందారు చెల్లించాలి.’ దాని కింద నష్టాలు, ఖర్చులు, జరిమానాలు, పరిహారాలు అని ఒక్కొక్కటీ ఒక్కో వరసలో రావాలి. ఫిర్యాదు షరతు జరిమానాలకు, పరిహారాలకే పరిమితమని ఇరుపక్షాలూ అనుకుని ఉంటే, తలలో మిగతా రెండు షరతులే ఉంచి, ఫిర్యాదు షరతును ఆ రెండు వరసల్లోనే రాయాలి. ఏ విధంగా రాసినా రెండో అర్థానికి చోటుండదు.

ఆ జాబితాలో ఇంకో లోపమూ ఉంది. నష్టం అనుభవిస్తాం, ఖర్చు భరిస్తాం. మరి ‘వ్యాజ్యం’ భరించడమంటే ఏమిటి? వ్యాజ్యం మన మీద పడే ఘటన. నష్టం, ఖర్చు దాని నుంచి వచ్చే డబ్బు లెక్క. ఘటననూ సొమ్మునూ ఒకే వరసలో నిలబెట్టి రెంటికీ ఒకే క్రియ తగిలించారు. ఇలాంటి జాబితాలో ఏ మాట ఏ పని చేస్తోందో చెప్పడం కష్టం. పాత నమూనాల నుంచి మాటలు ఎత్తి పోస్తూ పోతే ఇలాగే తయారవుతుంది.

మన తెలుగు ఒప్పందాల్లో షరతు సాధారణంగా ముందే వస్తుంది కనుక ఈ బెడద లేదనుకోకూడదు. ‘సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం, ఆలస్యం, జరిమానా యజమాని భరించాలి’ అని రాశామనుకోండి. నిర్లక్ష్యం వల్ల అన్నది నష్టానికేనా, ఆలస్యానికీ జరిమానాకూ కూడానా? ప్రభుత్వం వేరే కారణంతో వేసిన జరిమానా కూడా యజమాని మీద పడుతుందా? ఇంగ్లీషులో తోక దగ్గర వచ్చే తగువు మనకు మొదట్లోనే వస్తుంది. మందు మాత్రం అదే. షరతును తలలో విడిగా నిలబెట్టి, అంశాలను కింద వరసల్లో రాయాలి.

మాటల రూపం కూడా సాక్ష్యమే

అంశాలన్నీ ఒకే వ్యాకరణ రూపంలో ఉండడం అందం కోసం కాదు. రూపం మారితే అర్థం మారిందని చదివేవాడు అనుకుంటాడు. కోర్టు కూడా అలాగే అనుకుంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ పాల వ్యాన్ల డ్రైవర్లు నడిపిన కేసు దీనికి ఉదాహరణ. అది ఒప్పందం మీద కాదు, చట్టంలోని మినహాయింపు జాబితా మీద నడిచింది. అయినా జాబితాను చదివే పద్ధతి ఒకటే.

వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. పాడైపోయే ఆహారానికి సంబంధించిన కొన్ని పనులను మినహాయించింది. ఆ జాబితాలో క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్, ఫ్రీజింగ్, డ్రైయింగ్, మార్కెటింగ్, స్టోరింగ్ అని వరసగా వచ్చి, చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ముగిసింది. డ్రైవర్లు చేసేది పంపిణీ. డిస్ట్రిబ్యూషన్ అన్నది విడిగా ఒక మినహాయింపు అయితే వాళ్లకు అదనపు కూలి రాదు. అది ‘పంపడానికి గానీ పంపిణీకి గానీ ప్యాక్ చేయడం’ అనే ఒక్క పనిలో భాగమైతే, డ్రైవర్లు ప్యాకింగ్ చేయరు కనుక అదనపు కూలి రావాలి.

ఆ జాబితాలో షిప్‌మెంట్ తర్వాత కామా లేకపోవడం గురించి పత్రికలు చాలా రాశాయి. డ్రైవర్ల వాదనలో అంతకంటే లోతైన అంశం ఇంకొకటి ఉంది. మినహాయించిన పనుల పేర్లన్నీ ‘ఇంగ్’తో ముగుస్తున్నాయి. షిప్‌మెంట్, డిస్ట్రిబ్యూషన్ రెండూ అలా ముగియడం లేదు. కాబట్టి ఆ రెండూ జంట పదాలని, జాబితాలో విడి పనులు కావని వాళ్లు చూపించారు. 2017 మార్చిలో అప్పీలు కోర్టు ఆ వాక్యానికి రెండు అర్థాలూ సాధ్యమేనని, అనుమానం ఉన్నచోట కార్మికులకు మేలు చేసే అర్థమే తీసుకోవాలని తేల్చింది. మరుసటి ఏడాది డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. కోర్టు తీర్పు వచ్చాక ఆ రాష్ట్ర శాసనసభ ఆ జాబితాను సవరించింది. అంశాల మధ్య సెమికోలన్లు పెట్టి, డిస్ట్రిబ్యూషన్‌ను ‘డిస్ట్రిబ్యూటింగ్’గా మార్చింది. అంటే విరామ చిహ్నంతో పాటు మాట రూపాన్నీ సరిచేసింది.

మిర్చి గిడ్డంగి కాగితం

ఇప్పుడు మనకు దగ్గరి వ్యవహారం ఒకటి తీసుకుందాం. గుంటూరు ప్రాంతంలో మిర్చి రైతులు, వ్యాపారులు ధర వచ్చేదాకా సరుకును కోల్డ్ స్టోరేజీల్లో దాస్తారు. అక్కడ రాసుకోదగిన ఒక క్లాజును ఉదాహరణగా నేనే కల్పిస్తున్నాను.

‘కింది వాటికి గిడ్డంగి యజమాని బాధ్యుడు కాదు:

1. తుఫాను, వరద, పిడుగు;
2. కరెంటు పోవడం వల్ల సరుకుకు జరిగే నష్టం;
3. తేమ ఎక్కువగా ఉన్న సరుకును రైతు నిల్వకు పెట్టరాదు;
4. సిబ్బంది నిర్లక్ష్యం వల్ల కానిదైతే బూజు, పురుగు, రంగు మారడం.’

పైపైన చూస్తే అన్నీ సబబుగానే కనిపిస్తాయి. ఒక్కొక్క అంశాన్నీ తలతో కలిపి చదివితే లోపాలు బయటపడతాయి. మొదటిది ‘తుఫానుకు యజమాని బాధ్యుడు కాదు’ అవుతుంది. తుఫాను ఆయన తెచ్చాడని ఎవరూ అనరు. రైతుకు కావలసింది సరుకు లెక్క, అది ఈ అంశంలో లేనే లేదు. ఇది ఒక కారణం మాత్రమే. రెండోది కారణాన్నీ నష్టాన్నీ కలిపి చెబుతోంది. మూడోది తలతో అసలు అతకదు. అది రైతు చేయకూడని పని, అంటే ఒక విధి. ఆ విధి తప్పితే ఏమవుతుందో చెప్పలేదు. పది టిక్కీల్లో తేమ ఉంటే రెండు వందల టిక్కీల క్లెయిమూ పోతుందా? ఎంత తేమ ఎక్కువ? నాలుగోదిలో ఉన్నవి నష్టం రకాలు. వాటికి ముందు ఒక షరతు ఉంది, ఆ షరతు మిగతా మూడింటిలో లేదు.

ఇప్పుడు నష్టం జరిగిందనుకుందాం. గాలివానకు కరెంటు స్తంభాలు పడి రెండు రోజులు సరఫరా లేదు. గిడ్డంగిలో జనరేటరు ఉంది, డీజిలు తెప్పించలేదు. లోపల వేడెక్కి, చెమ్మ చేరి, మిర్చికి బూజు పట్టింది. యజమాని మొదటి అంశం చూపిస్తాడు, తుఫాను వచ్చింది కదా అంటాడు. రెండోదీ చూపిస్తాడు, కరెంటు పోయింది కదా అంటాడు. రైతు నాలుగోది చూపిస్తాడు. బూజు పట్టింది, డీజిలు పోయకపోవడం సిబ్బంది నిర్లక్ష్యమే కదా అంటాడు. ఒకే నష్టం మూడు అంశాల కిందికీ వచ్చింది, మూడూ ఒకే జవాబు చెప్పడం లేదు.

ఇక్కడ యజమాని తరఫు లాయరుకు బలమైన వాదన ఇంకొకటి దొరుకుతుంది. ‘నిర్లక్ష్యం వల్ల కానిదైతే’ అనే మాట రాయడం ఇరుపక్షాలకూ తెలుసు, నాలుగో అంశంలో రాశారు కూడా. రెండో అంశంలో రాయలేదంటే, కరెంటు పోయినప్పుడు నిర్లక్ష్యం ఉన్నా యజమానికి బాధ్యత లేదనే వాళ్ల ఉద్దేశం అని ఆయన వాదిస్తాడు. జాబితా ఒకే తీరులో లేకపోతే వచ్చే అతి పెద్ద ప్రమాదం ఇదే. ఒక అంశంలో రాసిన రక్షణ పక్క అంశంలో రాయకపోతే, అక్కడ దాన్ని కావాలనే వదిలేశారన్న అర్థం పుడుతుంది. రైతుకు మేలు చేద్దామని చేర్చిన మాటే మిగతా చోట్ల అతనికి ఎదురుతిరుగుతుంది.

నిజానికి ఆ క్లాజే లేకపోతే రైతు ఇంకా మెరుగ్గా ఉండేవాడు. ఇతరుల సరుకు దాచేవాడు తన సొంత సరుకును ఒక వివేకవంతుడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. ఆ జాగ్రత్త తీసుకుంటే, వేరే ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, నష్టానికి అతను బాధ్యుడు కాడని 152వ సెక్షన్ చెబుతుంది. చట్టం ఇచ్చిన సూటి కొలతను వంకర జాబితా మసకబార్చింది.

దిద్దిన రూపం

దీన్ని బాగుచేయాలంటే ముందు అంశాలను మూడు రకాలుగా విడదీయాలి: కారణాలు, నష్టాలు, విధులు. ఏ రకం అంశాలు ఆ రకం జాబితాలోకే వెళ్లాలి. అప్పుడు కాగితం ఇలా తయారవుతుంది.

‘నష్టం అంటే నిల్వలో ఉన్న సరుకుకు బూజు పట్టడం, పురుగు పట్టడం, రంగు మారడం లేదా తడవడం.

సరుకు గిడ్డంగిలో ఉన్న కాలంలో జరిగిన నష్టాన్ని యజమాని రైతుకు చెల్లించాలి.

అయితే కింది కారణాల్లో ఏ ఒక్కదాని వల్ల నష్టం జరిగినా, ఆ కారణం వల్ల జరిగిన మేరకు, యజమాని చెల్లించనక్కర లేదు:

1. తుఫాను, వరద లేదా పిడుగు రావడం;
2. గిడ్డంగికి బయటి నుంచి వచ్చే కరెంటు ఆగిపోవడం;
3. నిల్వకు తెచ్చిన రోజున సరుకులో 12 శాతానికి మించి తేమ ఉండడం;
4. నిల్వకు తెచ్చిన రోజుకే సరుకుకు బూజు లేదా పురుగు పట్టి ఉండడం.

పై నాలుగింటిలో ఏ కారణం ఉన్నా, యజమాని లేదా సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగిన లేదా పెరిగిన నష్టాన్ని యజమాని చెల్లించాలి.’

నాలుగు అంశాలూ కారణాలే. నాలుగూ ఒకే రూపంలో ముగుస్తున్నాయి. ఏ అంశాన్ని తలతో కలిపి చదివినా నిండు వాక్యం వస్తుంది. నిర్లక్ష్యం మాట ఒక అంశానికి అంటిపెట్టుకుని లేదు. అన్నిటికీ వర్తిస్తుందని చెబుతూ విడి వాక్యంగా నిలబడింది. రైతు విధులు వేరే జాబితాలోకి వెళ్లాయి: సరుకును ఆరబెట్టి తేవాలి, తేమ కొలతకు ఒప్పుకోవాలి, అద్దె గడువులోగా చెల్లించాలి. అవన్నీ ‘ఆలి’తో ముగుస్తాయి. 12 శాతం అన్నది నేను ఉదాహరణకు వేసిన అంకె. ఇరుపక్షాలూ తమకు ఒప్పుదలైన అంకె వేసుకోవచ్చు.

దిద్దిన క్లాజు మీద డీజిలు సంగతి పెట్టి చూడండి. గాలివాన, కరెంటు కోత రెండూ మినహాయింపు కారణాలే. కానీ డీజిలు లేకపోవడం వల్ల పెరిగిన నష్టం యజమానిదే. ఇక మిగిలేది ఆ నష్టం ఎంత అన్న లెక్క. అది కొలతలతో, సాక్ష్యంతో తేలేది. మాటల అర్థం మీద కొట్లాట ఉండదు.

ఇచ్చే జాబితాలోని మాటలే తీసే జాబితాలోనూ ఉండాలన్నది ఇందులోనే ఉన్న మరో నియమం. పైన ‘నష్టం’ అని ఒకసారి నిర్వచించి రెండు చోట్లా అదే మాట వాడాం. సాఫ్ట్‌వేర్ సేవల ఒప్పందాల్లో ఈ నియమం తరచు తప్పుతుంది. ఇండెమ్నిటీ క్లాజులో ‘నష్టాలు, ఖర్చులు, చెల్లింపులు’ అని ఉంటుంది. బాధ్యత పరిమితి క్లాజులో ‘పరోక్ష నష్టం, లాభం కోల్పోవడం, డేటా పోవడం’ మినహాయించామని ఉంటుంది. డేటా పోయిన ఖాతాదారుకు కట్టిన పరిహారం మొదటి జాబితాలోని చెల్లింపా, రెండో జాబితాలోని డేటా నష్టమా? లాభం కోల్పోవడం నేరుగా జరిగినా మినహాయింపేనా, పరోక్షంగా జరిగితేనేనా? రెండు జాబితాలూ ఒకే కొలతతో రాయకపోతే ఇచ్చింది ఎంతో, తీసింది ఎంతో చెప్పలేం.

దీనికీ హద్దులున్నాయి

ఒకే తీరు కూర్పు ఉంటే చాలు, కోర్టు ఇక వేరేదీ చూడదని అనుకోకూడదు. క్యాపిటా కేసులో సుప్రీంకోర్టు వ్యాకరణం ఒక్కటే చూడలేదు. ఒప్పందంలో మిగతా క్లాజులు ఏం చెబుతున్నాయో చూసింది. అమ్మినవాళ్లు వేరే హామీలు ఇచ్చారు, వాటి కింద క్లెయిము చేయడానికి రెండేళ్ల గడువుంది, వాటి పక్కన ఈ ఇండెమ్నిటీ ఇరుకుగా ఉండడం వింతేమీ కాదు అని తర్కించింది. మాటలు, సందర్భం రెండూ కలిసే అర్థాన్నిస్తాయి. మాటలు స్పష్టంగా ఉన్నకొద్దీ సందర్భం కోసం వెతకాల్సిన అవసరం తగ్గుతుంది, అంతే.

జాబితా చివర ‘ఇంకా ఇతర కారణాలు’ అని రాసే అలవాటుకూ ఇక్కడే సంబంధం ఉంది. ఒకే రకం అంశాల తర్వాత అలాంటి సాధారణ మాట వస్తే, అది కూడా ఆ రకానికే చెందినదిగా చదవాలన్నది కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. తుఫాను, వరద, పిడుగు తర్వాత ‘ఇతర కారణాలు’ అంటే అలాంటి ప్రకృతి ఘటనలనే అనుకుంటారు. అయితే ముందున్నవన్నీ ఒకే రకం అయితేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. కారణం ఒకటి, నష్టం ఒకటి, విధి ఒకటి కలిపి రాసిన జాబితాలో ఏ రకమని వెతకాలి? అప్పుడు ఆ చివరి మాట ఎంత దూరమైనా సాగిపోవచ్చు.

నిజంగా వేర్వేరు షరతులున్న అంశాలను బలవంతంగా ఒకే మూసలో పోయడమూ తప్పే. యజమాని బేరంలో కరెంటు విషయంలో మాత్రం ఏ పరిస్థితిలోనూ బాధ్యత తీసుకోనన్నాడనుకోండి, రైతు తక్కువ అద్దెకు దానికి ఒప్పుకున్నాడనుకోండి. అప్పుడు అన్నిటికీ ఒకే నిర్లక్ష్యం షరతు పెడితే కాగితం వాళ్ల బేరాన్ని మార్చేస్తుంది. అలాంటప్పుడు ఆ అంశాన్ని జాబితాలోంచి తీసి సొంత వాక్యంగా, దాని షరతుతో సహా రాయాలి. జాబితాను దిద్దేవాళ్లు తమ ఊహతో దిద్దకూడదు. వరస తప్పిన చోటల్లా ‘ఈ తేడా కావాలని పెట్టిందా, పొరపాటా?’ అని ఇరుపక్షాలనూ అడగాలి. చాలాసార్లు ఆ విషయం తాము మాట్లాడుకోనే లేదని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

కాబట్టి సంతకానికి ముందు లాయరు ఉన్నా లేకపోయినా ఈ పని చేయండి. జాబితాలోని ప్రతి అంశాన్నీ తలతో కలిపి పైకి చదవండి. నిండు వాక్యం రాని అంశాన్ని గుర్తు పెట్టండి. అన్నీ ఒకే రకమా, ఒకే రూపమా చూడండి. ఒక అంశంలో ఉన్న షరతు పక్కదానిలో ఎందుకు లేదని అడగండి. చివర వేలాడే షరతు ఎవరిదో కాగితం మీదే తేల్చమనండి. జవాబు నోటిమాటగా వస్తే ఒప్పుకోకండి, అది వాక్యంలోకి ఎక్కిన తర్వాతే సంతకం పెట్టండి.